మూడో తొట్టి

మధ్యాహ్నం రెండు గంటల వేళ మెస్సులో ప్లేట్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో తెలుసుకోవాలంటే ప్లేట్లు చూడక్కర్లేదు. వాటిని చివరగా ముంచి తీసిన నీళ్లు చూస్తే చాలు. హాస్టళ్ల దగ్గరి మెస్సుల్లో, టిఫిన్ సెంటర్లలో ఎక్కువగా రెండు తొట్లే ఉంటాయి. ఒకదాంట్లో సబ్బునీళ్లు, రెండో దాంట్లో మామూలు నీళ్లు. పన్నెండున్నరకు రెండూ బాగానే ఉంటాయి. రెండయ్యేసరికి రెండో తొట్టి పైన నూనె తెట్టె కడుతుంది, అడుగున మెతుకులు చేరతాయి. అప్పుడు తోమిన ప్లేటు ఎంత బాగా తోమినా చివరికి ఆ నీళ్లలోనే మునిగి, అదే తడితో మళ్లీ వడ్డనకు వెళ్తుంది.

ప్లేట్లు కడిగే చోట పనిచేసేవాళ్లు, ఆ పని చేయించే సూపర్‌వైజర్లు, చిన్న మెస్సు నడుపుకునే యజమానులు మొదట ఒక్క విషయం పట్టుకోవాలి. జిడ్డు వదిలించడం, సబ్బు వదిలించడం, క్రిముల్ని తగ్గించడం మూడు వేర్వేరు పనులు. వేడినీళ్లు వాడుతున్నాం కాబట్టి క్రిములు కూడా పోతున్నాయని చాలామంది అనుకుంటారు. చెయ్యి పెట్టగలిగినంత వేడి జిడ్డుకు సరిపోతుందేగానీ క్రిములకు చాలదు. మెషీను కొనాలా వద్దా, మందు కలపాలా వద్దా అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క తేడా దగ్గరే తేలతాయి.

ఒక మెస్సును లెక్కకు తీసుకుందాం. మధ్యాహ్నం 300 భోజనాలు, చేతిలో ఉన్నవి 120 గళ్ల ప్లేట్లు. అంటే రెండు గంటల్లో ప్రతి ప్లేటూ రెండు మూడు సార్లు తిరగాలి.

పని సబ్బు దగ్గర మొదలవదు, ఎంగిలి దులపడం దగ్గర మొదలవుతుంది. ప్లేటును డబ్బా అంచుకు కొట్టి వదిలేస్తే గళ్ల మూలల్లో పప్పు, పచ్చడి అలాగే ఉండిపోతాయి. రబ్బరు పట్టీతోనో, చేత్తోనో గీకి, కుళాయి కింద ఒకసారి తిప్పి ఆ తర్వాతే తొట్లో వేయాలి. ఈ మొదటి నీళ్లు చల్లవే కావాలి. పాలు కాచిన గిన్నె, గుడ్డు కొట్టిన గిన్నె, దోసెల పిండి గిన్నె మీద ఎకాయెకి వేడినీళ్లు పోస్తే అందులోని మాంసకృత్తులు ఉడికి గట్టిపడి లోహానికి అంటుకుంటాయి, పిండి జిగురుగా సాగుతుంది. ఆ తర్వాత ఎంత రుద్దినా సన్నటి పొర మిగిలిపోతుంది. ఇలాంటివాటికి చన్నీళ్లతో మొదలుపెట్టి, వేడి తర్వాత చూపించాలి. నూనె, నెయ్యి, డాల్డా అంటిన పాత్రలకు ఈ ఇబ్బంది లేదు.

ఇక సబ్బు తొట్టి. నెయ్యి, డాల్డా లాంటివి మామూలు వాతావరణంలోనే పేరుకుంటాయి, 40 డిగ్రీల సెల్సియస్ దాటితే పూర్తిగా కరుగుతాయి. కరిగిన జిడ్డును సబ్బు తేలిగ్గా పట్టుకుని నీళ్లలోకి లాగుతుంది. పేరుకున్న జిడ్డును పీచుతో రుద్దితే ప్లేటంతా పరుచుకుంటుంది తప్ప పోదు. అందుకే సబ్బునీళ్లు 45 డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువైతే చెయ్యి ఆగదు, గ్లవుజు వేసుకున్నా ఎక్కువసేపు పనిచేయలేం.

దీనికి గీజరే ఉండాలని లేదు. కుళాయి నీళ్లు 28 డిగ్రీలుంటే, 23 లీటర్ల కుళాయి నీళ్లలో 7 లీటర్ల మరిగే నీళ్లు కలిపితే 30 లీటర్ల తొట్టి 45 డిగ్రీలకు వస్తుంది. చలికాలం పొద్దున్నే కుళాయి నీళ్లు 20 డిగ్రీలకు దిగితే మరిగే నీళ్లు తొమ్మిది, తొమ్మిదిన్నర లీటర్లు పడతాయి. తొట్టి చల్లగా ఉంటే ఇంకాస్త ఎక్కువ కావాలి. చన్నీళ్లు ముందు పోసి, మరిగే నీళ్లు తర్వాత కలపండి. తిరగేసి చేస్తే ఆవిరి మొహానికి కొడుతుంది, పలచటి ప్లాస్టిక్ తొట్టి మెత్తబడుతుంది.

ఈ నీళ్లు ఎప్పుడు మార్చాలో గడియారం చెప్పదు. నురగ చెబుతుంది. తొట్టి కలిపిన కొత్తలో చెయ్యి ఆడిస్తే లేచే నురగ, జిడ్డు పెరిగేకొద్దీ చచ్చిపోతుంది. చెయ్యి బయటికి తీస్తే అరచేయి జారుడుగా అనిపిస్తుంది. ఈ రెండూ కనబడ్డాక సబ్బు ఇంకాస్త పోయడం వల్ల లాభం లేదు, తొట్టి ఒంపేయాల్సిందే. కడిగే కుర్రాడు “అన్నా, నురగ పోయింది” అన్నప్పుడు “ఇంకో పది ప్లేట్లు కానీయ్” అనే సూపర్‌వైజరు ఆదా చేసేది ముప్ఫై లీటర్ల నీళ్లు. ఆ తర్వాత కడిగిన ప్లేట్లన్నిటికీ మళ్లీ తోమే పని పెడతాడు.

జిడ్డు పోయిందో లేదో కంటితో చూస్తే తెలీదు, ముఖ్యంగా స్టీలు మీద. దానికి ఒక పరీక్ష ఉంది. సబ్బు కడిగేసిన ప్లేటును నిలబెట్టి పట్టుకుని, పైన కొద్దిగా మంచినీళ్లు వదలండి. నీళ్లు ఒకే పలచటి పొరగా, ఎక్కడా తెగకుండా జారితే ప్లేటు శుభ్రం. ఎక్కడైనా పొర తెగి నీళ్లు చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డుంది. గళ్ల ప్లేటులో ఇది ఎక్కువగా గట్ల పక్కన, ప్లేటు వెనక అంచు మడత కింద కనబడుతుంది. వెనకవైపు ఎవరూ తోమరు. ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు ఆ వెనకవైపే కింది ప్లేటు లోపలిభాగాన్ని తాకుతుంది.

రెండో తొట్టి సబ్బు వదిలించడానికి. వీలైతే ఇది తొట్టిగా కాకుండా పారే కుళాయిగా ఉంటే మంచిది. నీటి ఎద్దడి ఉన్నచోట తొట్టే వాడక తప్పదు, అప్పుడు సబ్బు తొట్టి మార్చిన ప్రతిసారీ దీన్నీ మార్చాలి. ఇందులో వేడి అవసరం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ తర్వాత క్రిములకు మందు కావాలా?

ఇంట్లో అయితే రోజువారీ అంట్లకు అక్కర్లేదు. నలుగురు మనుషులు, వాళ్ల ప్లేట్లు. సబ్బుతో తోమి, పారే నీళ్ల కింద తొలిచి బోర్లిస్తే క్రిముల్లో చాలా భాగం నీళ్లతోపాటే పోతుంది, మిగిలినవి గంటల తరబడి ఆరిన పొడి ప్లేటు మీద పెరగలేవు. పసిపిల్లల పాలసీసాలు, పచ్చి మాంసం కోసిన చెక్క, ఇంట్లో వాంతులు విరేచనాలతో ఉన్నవాళ్లు వాడిన పాత్రలు మాత్రం వేరు. వాటిని మరిగే నీళ్లతో అదనంగా శుద్ధి చేయాలి.

మెస్సులో లెక్క మారిపోతుంది. అక్కడ ఒకరి నోటి దగ్గరి ప్లేటు, గ్లాసు పావుగంటలో ముక్కూ మొహం తెలియని ఇంకొకరి చేతికి వెళ్తాయి. ఆరడానికి వ్యవధి లేదు. 300 మంది ఎంగిలి ఒకే తొట్టి నీళ్లలో కలుస్తుంది. ఇంట్లో మనల్ని కాపాడే రెండు సంగతులు, పారే నీళ్లు, ఆరే సమయం, రెండూ అక్కడ లేవు. ఆ లోటు పూడ్చడానికే మూడో తొట్టి. మన దేశంలో 2011 నాటి ఆహార భద్రత లైసెన్సు నిబంధనల నాలుగో షెడ్యూలు కూడా ఆహారానికి తగిలే పాత్రలను శుభ్రంగా, క్రిమిరహితంగా ఉంచాలనే చెబుతుంది.

మూడో తొట్లో చౌకగా పనిచేసేది క్లోరిన్ ద్రావణం, అంటే సోడియం హైపోక్లోరైట్. సీసా మీద 4 శాతం అని ఉన్నది తీసుకుంటే 20 లీటర్ల నీళ్లకు 50 మిల్లీలీటర్లు చాలు. దాంతో సుమారు 100 పీపీఎం బలం వస్తుంది. కావాల్సిన హద్దు 50 నుంచి 100. సువాసన కలిపినవి, బాత్‌రూముల కోసం చిక్కగా చేసినవి దీనికి పనికిరావు. బ్లీచింగ్ పౌడరు కూడా వద్దు. అది డబ్బా తెరిచిన దగ్గర్నుంచి బలం కోల్పోతుంది, అడుగున సున్నపు మడ్డి వదులుతుంది, ఎంత వేస్తే ఎంత బలం వస్తుందో తెలీదు. ద్రావణాన్ని కూడా ఎండ తగలని చోట పెట్టాలి. పొయ్యి పక్కన కిటికీలో నెలల తరబడి ఉన్న సీసా మీద 4 శాతం అని రాసి ఉన్నా లోపల అంత ఉండదు.

ప్లేటు పూర్తిగా మునిగేలా ఒక నిమిషం ఉంచి తీయాలి. ఇలా ముంచి అలా తీసేయడం ముంచినట్టు కాదు. తీశాక మళ్లీ కుళాయి నీళ్లతో కడగక్కర్లేదు. 100 పీపీఎం దాటనంతవరకు కారిపోయి ఆరితే చాలు. వాసన ఘాటుగా కొడుతోందంటే మోతాదు ఎక్కువైందని గుర్తు.

ఇక్కడ చాలాచోట్ల పని చెడుతుంది. క్లోరిన్ క్రిములనే వెతుక్కుంటూ పోదు. మెతుకు కనబడితే మెతుకు మీద, జిడ్డు కనబడితే జిడ్డు మీద ఖర్చయిపోతుంది. సరిగా తొలవని ప్లేట్లు పాతిక ముంచితే తొట్లో వాసన కొద్దిగా మిగిలి ఉండొచ్చుగానీ బలం ఉండకపోవచ్చు. అందుకే వాసనను నమ్మకుండా క్లోరిన్ పరీక్ష కాగితాలు వాడాలి. కాగితం ముక్క నీళ్లలో ముంచి, వచ్చిన రంగును డబ్బా మీది పట్టీతో పోల్చుకోవడమే. మన మెస్సులో పన్నెండున్నరకు ఒకసారి, ఆ తర్వాత అరగంటకోసారి చూస్తే సరిపోతుంది. 50 కంటే దిగిందంటే కొత్త నీళ్లు కలపాలి. ప్రతిసారీ గంటలోపే దిగిపోతోందంటే తప్పు మూడో తొట్టిది కాదు, మొదటి రెండు తొట్లలో పని సరిగా జరగడం లేదు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. ఈ తొట్లో వేడినీళ్లు పోయకూడదు. వేడికి క్లోరిన్ గాలిలోకి లేచి కళ్లు మండుతాయి, నీళ్లలో బలం పోతుంది. గోరువెచ్చన చాలు. రెండోది ఇంకా ముఖ్యం. టాయిలెట్ క్లీనరుగానీ, గార వదిలించే యాసిడ్‌గానీ, నిమ్మఉప్పుగానీ, వెనిగర్‌గానీ దీంతో కలవకూడదు. కలిస్తే విషవాయువు పుడుతుంది. గాలి ఆడని వెనక గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. క్లోరిన్ సీసా, వీటి సీసాలు ఒకే అరలో ఉంటే ఈ రోజే విడదీయండి. రాత్రి ప్లేట్లు ఆ నీళ్లలోనే వదిలేసి వెళ్లడం కూడా పొరపాటే. స్టీలు మీద సూది మొనంత గుంటలు పడొచ్చు, తర్వాత జిడ్డు వాటిలోనే చేరుతుంది.

మందు వాసన ఇష్టం లేనివాళ్లకు వేడి ఉంది. 77 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచితే ఏ మందూ అక్కర్లేదు. చెయ్యి పెట్టలేం కాబట్టి పిడి ఉన్న తీగబుట్ట కావాలి, థర్మామీటరు కావాలి. 40 లీటర్ల గుండిగను 28 నుంచి 80 డిగ్రీలకు తేవడానికి మామూలు గ్యాసు పొయ్యి మీద దాదాపు 400 గ్రాముల గ్యాసు పోతుంది. రెండు గంటలూ ఆ వేడి నిలపడానికి అయ్యేది అదనం. ప్లేట్లన్నిటికీ ఇది భారమే. గ్లాసులకూ చెంచాలకూ మాత్రం ఇలా చేసి, ప్లేట్లకు క్లోరిన్ వాడే పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. నోటికి నేరుగా తగిలేవి అవే. పైగా 80 డిగ్రీల నీళ్లలోంచి తీసిన స్టీలు గ్లాసు బోర్లిస్తే రెండు మూడు నిమిషాల్లో తనంతట తనే ఆరిపోతుంది.

ఆరడం గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ కష్టమంతా నీళ్లపాలయ్యేది అక్కడే. మూడు తొట్లూ దాటి వచ్చిన ప్లేటును భుజం మీది తువ్వాలుతో తుడిస్తే, పొద్దుటి నుంచి బల్లలు, చేతులు, చెమట తుడిచిన ఆ గుడ్డలో ఉన్నదంతా ప్లేటుకు అంటుతుంది. గుడ్డ వద్దు. తడి ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చడమూ వద్దు. గళ్ల ప్లేట్లు పేరిస్తే మధ్యలో నీళ్లు చిక్కుకుని సాయంత్రం దాకా ఆరవు, మూత తీసినట్టు పై ప్లేటు ఎత్తగానే ముక్క వాసన వస్తుంది. ఏటవాలుగా నిలబెట్టే తీగల స్టాండు, పైన ఫ్యాను, కింద నీళ్లు పోయే దారి ఉండాలి. స్టాండును ఎంగిలి ప్లేట్లు దించే వైపు కాకుండా వడ్డన వైపు పెట్టండి. లేకపోతే దులిపిన ఎంగిలి చినుకులు ఆరుతున్నవాటి మీద పడతాయి.

120 ప్లేట్లతో 300 భోజనాలు పెట్టే చోట ఎంత మంచి స్టాండున్నా ఆరేంత వ్యవధి దొరకదు. అందుకే మెషీను మాట ఎత్తకముందు ఇంకో 120 ప్లేట్లు కొనమని యజమానులకు చెబుతాను. ప్లేట్లు రెట్టింపైతే ఒక్కో ప్లేటుకు ఆరడానికి సమయం దొరుకుతుంది, రద్దీలో కడిగేవాళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది, తొట్లు మార్చుకునే తీరిక వస్తుంది.

మరి డిష్‌వాషర్? ఇంట్లో వాడే మెషీను ఒక్కో విడతకు సుమారు 10 నుంచి 15 లీటర్ల నీళ్లతో పని ముగిస్తుంది. కుళాయి వదిలేసి కడిగే అలవాటుతో పోలిస్తే నీళ్లు బాగా ఆదా. కానీ ఒక విడతకు గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది కాబట్టి మెస్సుకు పనికిరాదు. హోటళ్లలో వాడేది పైనుంచి మూత దించే హుడ్ రకం. ఒకటి రెండు నిమిషాల్లో ఒక ర్యాకు కడిగేస్తుంది. దాని బలం నీళ్ల దూకుడులో కంటే వేడిలో ఉంది. మనిషి చెయ్యి అక్కడ లేదు కాబట్టి కడిగే నీళ్లు 55 నుంచి 65 డిగ్రీలు, చివరి నీళ్లు 82 డిగ్రీల పైన ఉంచొచ్చు, చర్మం ఓర్చుకోలేని ఘాటైన క్షారపు పొడి వాడొచ్చు. మూడు తొట్ల పనీ, ఆరబెట్టే పనిలో చాలాభాగమూ ఆ ఒక్క పెట్టెలో జరిగిపోతుంది.

దానికీ హద్దులున్నాయి. చాలా మోడళ్లకు త్రీ ఫేజ్ కరెంటు కావాలి. గుండిగలు, పెద్ద మూకుళ్లు పట్టవు. అల్యూమినియం పాత్రలు ఆ క్షారానికి నల్లబడతాయి. ఎంగిలి దులపడం, తొలిచి పెట్టడం ఎలాగూ తప్పదు. అన్నిటికంటే పెద్ద చిక్కు బోరు నీళ్లు. కఠినమైన నీళ్లు వేడెక్కితే అందులోని సున్నం గారగా దిగుతుంది. హీటరు మీద గార పేరుకుంటే నీళ్లు 82 డిగ్రీలకు చేరవు, కరెంటు మాత్రం కాలుతుంది. కాబట్టి నీళ్లు మెత్తబరిచే సాఫ్టెనరు, దానికి వేళకు ఉప్పు వేసే మనిషి లేకుండా మెషీను కొనకండి. మెషీన్లో నీళ్లు చల్లే గొట్టాల రంధ్రాల్లో ఆవాలు, కరివేపాకు ముక్కలు, మెతుకులు ఇరుక్కుంటాయి. రోజూ షిఫ్టు అయ్యాక ఆ గొట్టాల్ని ఊడదీసి, వెలుతురుకు పట్టి చూసి, పుల్లతో పొడిచి శుభ్రం చేయాలి. గ్లాసులు ఒకే వైపు మసకగా వస్తున్నాయంటే ముందు చూడాల్సింది ఆ రంధ్రాల్నే. ర్యాకు బయటికి తీసిన నిమిషానికి కూడా ప్లేట్లు చేతికి గోరువెచ్చగానే తగిలి, నీళ్లు ఆరకుండా నిలిచి ఉంటే, తెర మీద ఏ అంకె ఉన్నా చివరి వేడి అందలేదని అనుమానించి థర్మామీటరుతో చూసుకోవాలి.

ఈ పనిలో చేరేవాళ్లకు చేతుల గురించి ఒక మాట. రోజంతా నీళ్లలో, సబ్బులో నానితే వేళ్ల సందులు పాసి తెల్లబడతాయి, తర్వాత పగిలి మండుతాయి. మోచేతి దాకా వచ్చే గ్లవుజులు అడిగి తీసుకోండి, లోపల తడి చేరితే మార్చండి. పని అయ్యాక చేతులు పొడిగా తుడుచుకుని కొబ్బరినూనో వాజ్‌లైనో రాసుకోండి. పాసిన వేళ్లు వారంలో తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించుకోవాలి. వాంతులు, విరేచనాలు ఉన్న రోజు ఈ పనికి రాకూడదు, యజమాని రమ్మనకూడదు.

అమెరికాలో చదువుకుంటూ యూనివర్సిటీ భోజనశాలల్లో ఈ పనిలో చేరే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. అక్కడ మూడు తొట్ల సింకు, 43 డిగ్రీలకు తగ్గని సబ్బునీళ్లు, పరీక్ష కాగితాలు, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టడం అన్నీ మామూలు నిబంధనలు. అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి, 43 డిగ్రీలంటే అక్కడ 110, 77 అంటే 171, 82 అంటే 180. మూడో తొట్లో క్లోరిన్‌కు బదులు క్వాట్ అనే మందు ఉంటే దాని కాగితాలు వేరు, మోతాదు వేరు. డబ్బా మీది లేబులు చదివి, కలిపే ముందు సూపర్‌వైజరును అడగండి. మొదటి రోజే కాగితం ముంచి చూపించమని అడిగే కుర్రాడికి పని వచ్చినట్టే లెక్క.

మన మెస్సుల యజమానులకు నా సలహా ఇది. 300 భోజనాల దాకా మెషీను లేకుండా శుభ్రంగా నడపొచ్చు. ఈ నెలలో మూడో తొట్టి, ఒక థర్మామీటరు, ఒక డబ్బా క్లోరిన్ పరీక్ష కాగితాలు, ఒక తీగల స్టాండు కొనండి. వచ్చే నెలలో ప్లేట్లు రెట్టింపు చేయండి. భోజనాలు అంతకు మించి పెరిగి, సాఫ్టెనరు పెట్టే చోటూ త్రీ ఫేజ్ కనెక్షనూ కుదిరినప్పుడు మెషీను గురించి ఆలోచించండి.